రెండు శాఖల నడుమ ఒక నోటు

కలెక్టరేట్‌లో ప్రతి ఫైలుకూ రెండు భాగాలుంటాయి. బయటి నుంచి వచ్చిన ఉత్తరాలు, ఇక్కడి నుంచి వెళ్లిన జవాబులు ఒకచోట చేరితే అది కరెంటు ఫైలు. ఆ కాగితాలు చూసి కార్యాలయం లోపల ఎవరేమనుకున్నారు, చివరకు ఏం చేయాలని తేల్చారు అన్నది రాసుకునేది నోటు ఫైలు. నోటు ఫైలులో మొదటి మాట రాసేది జూనియర్ అసిస్టెంట్. పాతకాలం వాళ్లు ఎల్.డి.సి. అంటారు, జనం గుమాస్తా అంటారు. ఆ మాట మీద సూపరింటెండెంట్, ఆ పైన పరిపాలనాధికారి, డి.ఆర్.ఓ., జాయింట్ కలెక్టర్, కలెక్టర్ తమ తమ అభిప్రాయాలు రాస్తూ పోతారు. జీతంలో అందరికంటే కిందనున్న మనిషి రాసిన పేరాలే పైకి వెళ్లేకొద్దీ అందరి చర్చకూ హద్దులు గీస్తాయి. కింద రాసిన నోటులో ప్రశ్న తప్పుగా పడితే, పైనున్న వాళ్లు ఎంత సమర్థులైనా ఆ తప్పు ప్రశ్నకే జవాబు వెతుకుతారు.

ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చింది. టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరు మీద దీన్ని ఇప్పటికీ టాటెన్‌హామ్ పద్ధతి అనే అంటారు. వచ్చిన ప్రతి తపాలూ పంపిణీ రిజిస్టరులో నమోదవుతుంది, సంబంధిత సీటుకు వెళుతుంది, ఆ సీటు గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. అక్కడినుంచి అది ముగిసేదాకా జవాబుదారీ ఆ గుమాస్తాదే. నెలలు గడిచినా తేలని ఫైలు గురించి తనిఖీలో మొదట ఆ సీటునే అడుగుతారు. ఇప్పుడు చాలా కార్యాలయాల్లో ఇదంతా ఈ-ఆఫీస్‌లో నడుస్తోంది. అక్కడ పసుపు నోటు చిత్తుప్రతి, ఆకుపచ్చ నోటు తుదిప్రతి. ఆకుపచ్చ నోటు ఒకసారి పైకి వెళ్లాక దాన్ని రాసిన మనిషి కూడా చెరపలేరు. పైగా 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నోటు ఫైలు కాపీని సామాన్యుడు కూడా అడగవచ్చు. రాసే మాట ఎవరి చేతికి పోయినా నిలబడాలి.

నోటు ఒక తగాదాను ఎలా ఆపుతుందో చూడటానికి ఒక కేసు తీసుకోవచ్చు. ఇందులోని మనుషులు, ఊరు కల్పితం. చట్టాలు, కార్యాలయ పద్ధతులు, కొలతల లెక్కలు వేసే తీరు మాత్రం ఉన్నవే.

తూర్పు కనుమల్లో ఒక కొండమీది గిరిజన గూడెం. తాగునీటికి గ్రామీణ నీటి సరఫరా విభాగం ఒక పథకం మంజూరు చేసింది. పైన కొండ ఊట దగ్గర చిన్న తొట్టె కట్టి, అక్కడినుంచి పైపు వేస్తే నీళ్లు మోటారు లేకుండానే పల్లానికి పారి గూడెంలోని ట్యాంకులో పడతాయి. ఏజెన్సీలో ఇలాంటి పథకాలు కొత్తేమీ కాదు. కరెంటు బిల్లు ఉండదు, చెడిపోయే యంత్రమూ ఉండదు. ఊట నుంచి ట్యాంకు దాకా పైపు పొడవు 1,020 మీటర్లు. కాంట్రాక్టరు గూడెం వైపు నుంచి కాలువ తవ్వుకుంటూ పైకి వెళ్లాడు. మూడు వంతుల్లో రెండు వంతుల పని అయ్యేసరికి అటవీ సిబ్బంది వచ్చి ఆపారు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా తవ్వారని కేసు రాసి, పొక్లెయిన్‌ను స్వాధీనం చేసుకున్నారు.

ఆ తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. నీటి సరఫరా విభాగం ఈ.ఈ. కలెక్టరుకు రాసిన ఉత్తరం సారాంశం: ఆ స్థలం సర్వే నంబరు 112, రెవెన్యూ రికార్డులో కొండ పోరంబోకు, తహసీల్దారు ధ్రువపత్రం జతపరిచాం, అటవీ శాఖ అకారణంగా ప్రజల పనికి అడ్డుపడుతోంది, యంత్రాన్ని వదిలిపెట్టమని డి.ఎఫ్.ఓ.ను ఆదేశించగలరు. డి.ఎఫ్.ఓ. ఉత్తరం అందుకు తగ్గట్టే ఉంది: అది గెజిట్‌లో ప్రకటించిన రిజర్వు ఫారెస్టు, 14 నుంచి 17 నంబర్ల హద్దు గుట్టల లోపలి భాగం, ఇంజినీర్లు చట్టాన్ని లెక్కచేయకుండా ప్రవేశించారు, బాధ్యులపై చర్య తీసుకోవాలి. ఈ రెండు ఉత్తరాల నకళ్లూ అప్పటికే ఆయా శాఖల పై అధికారులకు వెళ్లిపోయాయి. ఇంకో విడత ఉత్తరాలు నడిస్తే వ్యవహారం జిల్లా దాటి సచివాలయానికి చేరుతుంది. అక్కడ రెండు శాఖలు విభేదిస్తే ప్రభుత్వ కార్యనిర్వహణ నియమాల ప్రకారం ఫైలు ముఖ్యమంత్రి దాకా వెళ్లవలసి రావచ్చు. ఒక ఊట తొట్టె కోసం.

రెండు ఉత్తరాలూ కలెక్టరేట్‌లో భూముల సెక్షన్‌కు వచ్చాయి. ఆ సీటులో ఉన్నది గ్రూప్-4 ద్వారా ఉద్యోగంలోకి వచ్చి ఇంకా ప్రొబేషన్ పూర్తికాని జూనియర్ అసిస్టెంటు. ఆమెకు ముందు అదే సీటులో ఉన్న ఉద్యోగి ఒక నోటు చిత్తు రాసి బదిలీ అయిపోయాడు. ఆ చిత్తులో ఈ.ఈ. ఉత్తరం మొత్తం ఒక పేరాగా, డి.ఎఫ్.ఓ. ఉత్తరం మొత్తం ఇంకో పేరాగా ఎత్తి రాసి, చివర "పై విషయమై తగు ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది" అని ముగించాడు. కార్యాలయాల్లో రోజూ పుట్టే నోటు ఇదే. ఇందులో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. ఇది కలెక్టరు ముందుకు వెళితే ఆయనకు కనిపించేది ఒకటే ప్రశ్న: ఇద్దరిలో ఎవరిది తప్పు? ఏ జవాబు ఇచ్చినా ఒక శాఖ ఓడినట్టు. ఓడిన శాఖ తన పై అధికారి దగ్గరికి వెళ్లక తప్పదు.

కొత్త గుమాస్తా మొదట చేసిన పని ఉత్తరాలను పక్కన పెట్టి జతపరిచిన కాగితాలు చదవడం. అందులో మూడున్నాయి: తహసీల్దారు ధ్రువపత్రం, నీటి విభాగం అంచనాకు జోడించిన పైపుదారి నక్షా, రేంజ్ అధికారి స్థల నివేదిక. ధ్రువపత్రంలో సర్వే నంబరు 112 పోరంబోకు అని మాత్రమే ఉంది. పైపు మొత్తం ఆ నంబరులోనే పోతుందని తహసీల్దారు ఎక్కడా రాయలేదు, ఆయన్ను ఎవరూ అడగనూ లేదు. నక్షాలో ఊట దగ్గర సున్నా పెట్టి కిందికి ప్రతి 20 మీటర్లకు దూరం గుర్తించారు. 380 మీటర్ల గుర్తు దగ్గర ఒక వాగు దాటినట్టు గీత ఉంది. రేంజ్ అధికారి నివేదికలో 17వ నంబరు హద్దు గుట్ట అదే వాగు ఒడ్డున ఉందని రాశారు. సెక్షన్‌లో ఉన్న గ్రామ క్షేత్ర కొలతల పుస్తకం, అంటే ఎఫ్.ఎం.బి., తీసి చూస్తే సర్వే నంబరు 112 పై హద్దు కూడా ఆ వాగే.

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి ఆమె అడిగింది.

"సార్, వీళ్లిద్దరూ ఒకే చోటు గురించి రాశారంటారా?"

"కాదనిపిస్తోందా అమ్మా? అయితే అదే రాయి. ముందు ఆ నక్షా నాకు చూపించు."

గొడవ మొత్తం అక్కడుంది. వాగు దిగువన 640 మీటర్లు పోరంబోకు, ఎగువన 380 మీటర్లు అడవి. ఈ.ఈ. చూపిన కాగితం కింది భాగానికి నిజం, డి.ఎఫ్.ఓ. చూపిన గెజిట్ పై భాగానికి నిజం. ఇద్దరూ "ఆ స్థలం" అనే రాశారు. ఎవరి స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒకే కాగితం మీద పెట్టిన వాళ్లు లేరు. శాఖల మధ్య నడిచే భూతగాదాల్లో ఇది మామూలే. రెవెన్యూ వాళ్లు స్థలాన్ని సర్వే నంబరుతో గుర్తిస్తారు, అటవీ శాఖ గెజిట్‌లో రాసిన హద్దులతోనూ రాతి గుట్టలతోనూ గుర్తిస్తుంది, ఇంజినీరు మొదలు నుంచి కొలిచిన దూరంతో గుర్తిస్తాడు. ఒకే కొండకు మూడు కొలమానాలు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి చూసే పని ఎవరి ఉద్యోగ విధుల్లోనూ ప్రత్యేకంగా రాసి ఉండదు. అందుకే ఆ పని ఫైలు ముందున్న గుమాస్తా మీద పడుతుంది.

వివాదం 380 మీటర్లకు తగ్గింది. ఆ 380 మీటర్లకు దారేమిటన్నది తరువాతి ప్రశ్న.

రిజర్వు ఫారెస్టు భూమిని అటవీయేతర పనికి వాడాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ఆ దారి పొడవైనది. అయితే 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వం నిర్వహించే బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి సరఫరా, నీటి పైపులైను వంటి 13 రకాల సౌకర్యాలకు అడవి భూమిని ఇవ్వవచ్చు. షరతులు మూడు. ప్రతి పనికీ వాడే అటవీ భూమి ఒక హెక్టారు లోపుండాలి, అంటే దాదాపు రెండున్నర ఎకరాల లోపు. కొట్టే చెట్లు హెక్టారుకు 75 మించకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2009లో ఇచ్చిన విధివిధానాల ప్రకారం పని చేయించే శాఖ దరఖాస్తు పెడితే రేంజ్ అధికారి స్థలం చూసి నివేదిక ఇస్తారు, డి.ఎఫ్.ఓ. నిర్ణయిస్తారు. డి.ఎఫ్.ఓ. ఒప్పుకోకపోతే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ ముందుకు వెళుతుంది. పని జిల్లాలోనే తేలిపోతుంది.

ఈ సెక్షన్ గురించి ఈ.ఈ. ఉత్తరంలో లేదు, డి.ఎఫ్.ఓ. ఉత్తరంలోనూ లేదు. స్థలం తమదే అనుకున్న శాఖకు అనుమతి అడగాలన్న ఆలోచన రాదు. అడగని అనుమతి గురించి చెప్పాల్సిన అవసరం అవతలి శాఖకు కనిపించదు.

సెక్షన్ పేరు ఎత్తి నోటు ముగించి ఉంటే అది సగం పనే అయ్యేది. ఈ కేసు ఆ షరతులకు సరిపోతుందో లేదో ఆమె లెక్క వేసింది. కాలువ వెడల్పు రెండడుగులే అయినా మట్టి పోయడానికి, యంత్రం నడవడానికి కలిపి అంచనాలో 3 మీటర్ల వెడల్పు చూపించారు. 380 మీటర్లను 3తో గుణిస్తే 1,140 చదరపు మీటర్లు. ఊట దగ్గర కట్టే తొట్టెకు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అంటే ఇంకో 20 చదరపు మీటర్లు. ఇంజినీర్లు పైపుదారి స్థలాన్ని చూపి తొట్టె స్థలాన్ని వదిలేశారు. అంతా కలిపితే 1,160 చదరపు మీటర్లు, 0.116 హెక్టారు, మన లెక్కలో 29 సెంట్లు. హెక్టారు షరతుకు ఎక్కడో కింద ఉంది.

చెట్ల దగ్గర లెక్క అడ్డం తిరిగింది. రేంజ్ అధికారి నివేదిక ప్రకారం పైపుదారిలో కొట్టవలసిన చెట్లు 11. పైకి చూస్తే 75 ఎక్కడ, 11 ఎక్కడ అనిపిస్తుంది. కానీ చట్టం చెప్పింది హెక్టారుకు 75. వాడే భూమి 0.116 హెక్టారే కాబట్టి ఆ నిష్పత్తిలో కొట్టదగిన చెట్లు 8.7, అంటే 8 దాటకూడదు. 11 చెట్లంటే హెక్టారుకు దాదాపు 95 అవుతుంది. ఇది గమనించకుండా దరఖాస్తు పెట్టి ఉంటే డి.ఎఫ్.ఓ. న్యాయంగానే తిరస్కరించేవారు, రెండో తగాదా మొదటిదానికంటే చేదుగా ఉండేది. చిన్న పనుల్లో ఈ షరతు బాగా ఇబ్బంది పెడుతుంది. భూమి తగ్గేకొద్దీ కొట్టదగిన చెట్ల సంఖ్య కూడా తగ్గిపోతుంది.

నక్షాలో ఊట నుంచి కిందికి ఒక పాత కాలిబాట కూడా గీసి ఉంది. పైపును ఆ బాట వెంట వేస్తే పొడవు 40 మీటర్లు పెరుగుతుంది, చెట్లు తగ్గవచ్చు. ఎన్ని తగ్గుతాయో కుర్చీలో కూర్చుని చెప్పలేరు. కొండ మీద పైపు ఏ వాలులో పోవాలో నిర్ణయించేది ఇంజినీరు, గుమాస్తా కాదు. ఆ హద్దు దాటకుండా ఆమె దాన్ని ప్రశ్నగా మాత్రమే రాసింది: కాలిబాట వెంట దారి సాధ్యమేనా, అప్పుడు చెట్లు ఎన్ని?

ఇంకొక చిక్కు గ్రామసభ దగ్గర. నీటి విభాగం ఫైలులో ఒక తీర్మానం ఉంది. పథకం మంజూరుకు ముందు తీసుకున్నది. చదివి చూస్తే అది గ్రామ పంచాయతీ తీర్మానం. సర్పంచి, వార్డు సభ్యులు సంతకాలు చేశారు. చట్టం అడిగింది గ్రామసభ సిఫారసు, అంటే ఓటుహక్కున్న ఊరివాళ్లంతా కూర్చునే సభ. ఆ పంచాయతీలో చాలా గూడేలున్నాయి, కింది గూడెం వార్డు సభ్యుడి సంతకం పై గూడెం ఊట మీద ఒప్పుదల కాదు. తీర్మానం అనే మాట చూసి ముందుకు పోతే ఈ తేడా కనిపించదు. ఇలాంటి ఫైళ్లు తిరిగి రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇంత తెలిశాక నోటు రాయడం మొదలైంది. మొత్తం ఏడు పేరాలు, రెండు పేజీలు దాటలేదు. ప్రతి వాస్తవం పక్కన అది కరెంటు ఫైలులో ఏ పేజీలో ఉందో రాసింది. మూడో పేరా ఇలా ఉంది:

"పైపుదారి పొడవు 1,020 మీటర్లు (క.ఫై. పేజీ 9). ఇందులో 380వ మీటరు నుంచి 1,020వ మీటరు వరకు సర్వే నంబరు 112, కొండ పోరంబోకు (పేజీ 5). సున్నా నుంచి 380వ మీటరు వరకు 14-17 హద్దు గుట్టల లోపల రిజర్వు ఫారెస్టు అని రేంజ్ అధికారి నివేదిక (పేజీ 13). రెండు శాఖల రికార్డులూ ఒకదానినొకటి ఖండించడం లేదు. వాగు దగ్గర హద్దు సంయుక్త తనిఖీలో ధ్రువపడవలసి ఉంది."

చివరి రెండు వాక్యాలూ కలిసే పనిచేస్తాయి. మొదటిది ఇద్దరికీ గౌరవం నిలబెడుతుంది. రెండోది కార్యాలయంలో కూర్చుని గీసిన హద్దును తుదిహద్దుగా చూపకుండా ఆపుతుంది. నక్షా మీది వాగు, కొలతల పుస్తకంలోని వాగు, నేలమీది వాగు మూడూ ఒకటేనని కొలిచి చూడకుండా చెప్పకూడదు. కొండవాగులు దారి మార్చుకుంటాయి.

అసలు నేర్పు కనిపించేది అయిదో పేరాలో. డి.ఎఫ్.ఓ. కేసు పెట్టారు, ఈ.ఈ. దాన్ని ఎత్తేయించమంటున్నారు. వాగు దాటి అడవిలోకి 40 మీటర్లు తవ్విన మాట నిజం. ఇప్పుడు అనుమతి ఇప్పించినంత మాత్రాన అప్పటి తవ్వకం అనుమతితో చేసినట్టు కాదు. పైగా అటవీ చట్టం కింద కేసు నడపడం, రాజీ రుసుముతో ముగించడం అటవీ అధికారుల చేతిలోని పని, దాన్ని వదిలేయమని కలెక్టరు ఆదేశించడానికి వీలు లేదు. పాత చిత్తులో ఈ రెండు విషయాలూ కలిసిపోయి ఉన్నాయి. ఆమె విడదీసింది:

"ఇప్పటికే జరిగిన తవ్వకంపై నమోదైన కేసు అటవీ శాఖ చట్ట ప్రకారం పరిష్కరించవలసిన వేరు అంశం. ఈ ఫైలులో దానిపై ఆదేశాలు అవసరం లేదు. మిగిలిన పనికి అనుమతి విషయమే ఇక్కడ పరిశీలనాంశం."

ఈ మూడు వాక్యాలు చదివాక డి.ఎఫ్.ఓ.కు ఈ ఫైలుతో పోరాడవలసిన కారణం మిగలదు. తన అధికారాన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. ఈ.ఈ. అడిగింది దక్కలేదు, కానీ ఆయనకు నిజంగా కావలసింది యంత్రం కాదు, పైపు. ఏది అడిగారన్నదాన్ని, ఏది కావాలన్నదాన్ని వేరుచేసి చూడటం నోటు రాసేవాళ్లు నేర్చుకోవలసిన పనుల్లో కష్టమైనది. ఉత్తరంలో అడిగినదానికి అవును, కాదు అని జవాబు రాయడం చాలా సులువు.

నోటులో లేనివి కూడా చూడాలి. "అకారణంగా" లేదు, "లెక్కచేయకుండా" లేదు. ఉత్తరాల్లోని విశేషణాలన్నీ వదిలేసి క్రియలు మాత్రం తీసుకుంది: తవ్వారు, ఆపారు, స్వాధీనం చేసుకున్నారు. సూపరింటెండెంటు మార్చింది ఒకే చోట. "నీటి సరఫరా విభాగం పొరపాటున పంచాయతీ తీర్మానం జతచేసింది" అని ఆమె రాస్తే, ఆయన "పొరపాటున" కొట్టేసి "జతపరిచినది గ్రామ పంచాయతీ తీర్మానం, గ్రామసభ సిఫారసు అవసరం" అని దిద్దారు. నోటు నకలు రేపు ఈ.ఈ. చేతికి కూడా వెళ్లవచ్చు. ఆ ఒక్క మాట ఉంటే ఆయన దానికి సంజాయిషీ రాస్తూ కూర్చుంటారు, గ్రామసభ సంగతి వెనకబడుతుంది.

ఆఖరి పేరాలో ఆదేశాల కోసం సమర్పించడమైనది అనే వాక్యం ఉంది. దానికి ముందు ఏ ఆదేశాలు కావాలో కూడా ఉంది: మండల సర్వేయరు, అటవీ సర్వేయరు, నీటి విభాగం ఏ.ఈ. కలిసి తనిఖీ చేసి హద్దు, చెట్ల సంఖ్య, కాలిబాట దారి తేల్చాలి. గూడెంలో గ్రామసభ జరపాలి. ఆ రెండూ వచ్చాక నీటి విభాగం డి.ఎఫ్.ఓ.కు దరఖాస్తు పెట్టాలి. ఈలోగా కింది 640 మీటర్లలో మిగిలిన పని కొనసాగించవచ్చు. నోటుతో పాటు ఉత్తరం చిత్తు కూడా పెట్టింది. ఇద్దరికీ వేర్వేరు ఉత్తరాలు రాయడం వాడుక. ఆమె ఒకే ఉత్తరం రాసి ఇద్దరినీ చిరునామాదారులుగా చూపింది. వేర్వేరుగా రాస్తే ఒకరికి రాసినదానిలో ఏముందోనని ఇంకొకరికి అనుమానం, మాట తేడా వస్తే దాని మీద మళ్లీ ఉత్తరం. కలెక్టరు "పేరా 7 ప్రకారం" అని రాసి సంతకం పెట్టారు. మంచి నోటుకు పైనుంచి వచ్చే జవాబు తరచుగా ఇంతే పొడవుంటుంది.

సంయుక్త తనిఖీలో వాగు హద్దు నిజమేనని తేలింది. కాలిబాట వెంట దారి సాధ్యమే. అడవిలో పైపు పొడవు 420 మీటర్లయింది. తొట్టెతో కలిపి స్థలం 1,280 చదరపు మీటర్లు, 0.128 హెక్టారు. ఆ లెక్కన 9 చెట్ల దాకా కొట్టవచ్చు, కొట్టవలసి వచ్చినవి 6. గ్రామసభ సిఫారసు చేసింది, డి.ఎఫ్.ఓ. అనుమతి ఇచ్చారు. కాంట్రాక్టరు తన కేసును రాజీ రుసుము కట్టి ముగించుకున్నాడు. రెండు శాఖల పై అధికారులకు వెళ్లిన నకళ్లకు కొనసాగింపు ఉత్తరాలు రాలేదు.

అనుకూలంగా ముగిసింది కాబట్టి నోటు అన్నిటినీ పరిష్కరించిందనుకోకూడదు. వాగు దగ్గర సర్వే నంబరు, అడవి హద్దు చక్కగా కలిశాయి కాబట్టి రెండు రికార్డులూ నిజమయ్యాయి. ఒకే స్థలాన్ని రెవెన్యూ పట్టాగా, అటవీ శాఖ రిజర్వు ఫారెస్టుగా చూపే చోట్లు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ లేవు. అక్కడ రికార్డులు నిజంగానే ఒకదానినొకటి ఖండిస్తాయి. నోటు ఎంత చక్కగా రాసినా ఆ తగాదా తీరదు. హద్దుల పరిష్కారం, కొన్నిసార్లు కోర్టు తీర్పు కావాలి. అలాంటి చోట గుమాస్తా చేయగలిగింది ఖండన ఎక్కడుందో కచ్చితంగా చూపడం, లేనిచోట ఉన్నట్టు రాయకపోవడం.

ఈ అనుమతితో ఆ 0.128 హెక్టారు అడవి కాకుండా పోలేదు. వాడుకే మారింది. రేపు ఊట దగ్గర తొట్టె పక్కన ఇంకో ట్యాంకు కట్టాలన్నా, పైపు వెంట కరెంటు తీగ లాగాలన్నా నీటి విభాగం మళ్లీ దరఖాస్తు పెట్టాలి. అందుకే ఫైలు ముగించేటప్పుడు దాన్ని ఏ కోవలో వేయాలన్నది కూడా ఆలోచించాల్సి వచ్చింది. టాటెన్‌హామ్ పద్ధతిలో ఎల్.డిస్. అంటే ఏడాది, కె.డిస్. అంటే మూడేళ్లు, డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తీసేస్తారు, ఆర్.డిస్. శాశ్వతం. మామూలు ఉత్తర ప్రత్యుత్తరమే కదా అని కె.డిస్. చేస్తే మూడేళ్ల తర్వాత సంయుక్త తనిఖీ నక్షా, గ్రామసభ తీర్మానం రెండూ పోతాయి, కొత్తగా వచ్చిన రేంజ్ అధికారికి చూపించడానికి కాగితం ఉండదు. ఆమె ఆర్.డిస్. అని రాసి రికార్డు గదికి పంపింది.